ఒకే శ్రేణి, రెండు వేరు కష్టాలు: మరాఠీ ప్రగతి పుస్తకం ఫొటోను తెలుగు ఇంటికి అర్థమయ్యేలా చెప్పడం

గణితం క-2, ఇంగ్లిష్ క-2. ఏడో తరగతి పిల్ల ప్రగతి పుస్తకంలో ఈ రెండు గడులు పక్కపక్కనే ఉంటే, చూసినవాళ్లు ఎవరైనా "రెండిట్లో కొంచెం వెనకబడింది" అని ఒక ముక్కలో తేల్చేస్తారు. అదే పుస్తకంలో శ్రేణికి, అంటే గ్రేడుకు, ఎడమవైపున్న మూడు నిలువు వరుసలు చదివితే మాత్రం సంగతి వేరు. ఒకదానిలో పిల్లకు నోటిలెక్క వచ్చు, పరీక్ష పేపరు రాదు. ఇంకొకదానిలో నోరే తెరవదు. రెండిటికీ ఒకే మందు పనిచేయదు.

గడ్చిరోలి జిల్లా దక్షిణ కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న సిరొంచ తాలూకాలో చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, పిల్లలు మరాఠీ మీడియంలో చదువుతారు. ఏటా మే 1కి అటూ ఇటూగా ఫలితాలు చెప్పి ప్రగతి పుస్తకాలు చేతికిస్తారు. మరాఠీ చదవలేని తల్లిదండ్రులు దాన్ని ఫొటో తీసి, చదవగలిగిన బంధువుకో, ట్యూషన్ చెప్పేవాళ్లకో, జిరాక్స్ షాపుకో వాట్సాప్‌లో పంపుతారు. తిరిగి వచ్చే జవాబు సాధారణంగా "పాసైంది, బి గ్రేడ్" అనే ఒక్క ముక్క. ఆ ఫొటోలో అంతకన్నా చాలా ఎక్కువే ఉంటుంది. దాన్ని తప్పులు లేకుండా బయటికి తీసి, ఇంట్లోవాళ్లు పని చేయగలిగే మాటల్లో పెట్టడం ఎలాగో ఒక ఏడో తరగతి పుస్తకాన్ని నమూనాగా తీసుకుని చూద్దాం. అందులోని మార్కులు ఉదాహరణకు కల్పించినవి. లెక్కగట్టే పద్ధతి మాత్రం అక్కడి బడులదే.

ముందు ఫొటో

ఫొటో బాగాలేకపోతే తర్వాతి పనంతా ఊహే. పుస్తకాన్ని ఎండ నేరుగా పడని చోట, గుమ్మం దగ్గరో వరండాలోనో నేల మీద పరిచి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పైన పట్టుకుని తీయాలి. ప్లాస్టిక్ తొడుగు ఉంటే తీసేయాలి, లేదంటే ఫ్లాష్ తెల్లటి మచ్చలా పడి సరిగ్గా మొత్తాల వరుసనే మింగేస్తుంది. నాలుగు మూలలూ ఫొటోలో పడాలి. లోపలి పేజీ ఒక్కటే చాలదు. హాజరు పట్టిక, టీచరు రాసిన వాక్యాలు, శ్రేణుల వివరం తరచుగా వేరే పేజీలో ఉంటాయి కాబట్టి అన్ని పేజీలూ తీయాలి.

పంపే తీరు కూడా ముఖ్యమే. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. ఏ-4 కాగితాన్ని యంత్రం హాయిగా చదవాలంటే పొడవు వైపు 3500 పిక్సెళ్ల దాకా కావాలి. కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమని చెప్పాలి. ఇంకో సంగతి: మొదటి పేజీలో పిల్ల గుర్తింపు నంబరు, కొన్నిసార్లు ఆధార్ నంబరు కూడా ఉంటాయి. సారాంశానికి అవి అక్కర్లేదు. ఆ భాగాన్ని కత్తిరించి పంపమనడం మంచిది.

పట్టికలో ఏముంది

మహారాష్ట్రలో 1 నుంచి 8 తరగతుల మూల్యాంకనానికి 2010 ఆగస్టు 20 నాటి ప్రభుత్వ నిర్ణయం ఆధారం. దాని ప్రకారం ప్రతి సత్రంలో, అంటే ప్రతి అర్ధ సంవత్సరంలో, ఒక్కో విషయానికి 100 మార్కులు, రెండు భాగాలుగా. మొదటిది ఆకారిక్: ఏడాది పొడవునా టీచరు చూసే ఇంటిపని, ప్రాజెక్టు, తరగతిలో చేసిన పని, చిన్న పరీక్షలు. రెండోది సంకలిత్: సత్రం చివర పెట్టే పరీక్ష. తరగతి పెరిగేకొద్దీ పరీక్ష బరువు పెరుగుతుంది. ఒకటి, రెండు తరగతుల్లో ఆకారిక్ 70, సంకలిత్ 30. మూడు, నాలుగులో 60, 40. ఐదు, ఆరులో చెరి సగం. ఏడు, ఎనిమిదిలో 40, 60. ఏడో తరగతిలో ఆ 60లో 10 తోండీ లేదా ప్రాత్యక్షిక్, అంటే నోటితో చెప్పేది లేదా చేసి చూపేది. మిగతా 50 లేఖీ, అంటే రాత పరీక్ష. కళ, కార్యానుభవం, శారీరక శిక్షణకు పరీక్ష ఉండదు, వంద మార్కులూ ఆకారిక్ లోనివే.

మొత్తాన్ని బట్టి శ్రేణి ఇస్తారు. 91 నుంచి 100 అ-1, 81 నుంచి అ-2, 71 నుంచి బ-1, 61 నుంచి బ-2, 51 నుంచి క-1, 41 నుంచి క-2, 33 నుంచి 40 దాకా డ. ఆ కింద 21 నుంచి 32 ఇ-1, 20 అంతకు తక్కువైతే ఇ-2. కొత్త పాఠ్యక్రమం ఒక్కో తరగతికి వస్తున్నకొద్దీ పుస్తకం రూపం మారుతోంది, అందుకే చిన్న తరగతుల పుస్తకం చేతికొస్తే అందులోనే అచ్చైన పట్టికను ముందు చూసుకోవాలి.

చాలా పుస్తకాల్లో శ్రేణి మాత్రమే రాసి వదిలేస్తారు, మార్కులు బడి రికార్డులోనే ఉంటాయి. అలాంటప్పుడు శ్రేణి మీద సారాంశం అల్లకూడదు. క్లాస్ టీచరును అడిగి పరీక్ష ఉండే ఆరు విషయాల మార్కుల వరుసను ఫొటో తీసుకోవాలి. ఫోన్‌లో చెప్పించుకుంటే ఒక చిక్కు ఉంది. మరాఠీలో రెండంకెల సంఖ్యను ఒకట్లతో మొదలుపెట్టి పలుకుతారు: 43ను త్రేచాళీస్ అంటారు, అంటే మూడు ముందు, నలభై తర్వాత. తెలుగు చెవికి అది 34లా వినబడి, అలాగే రాసేసుకుంటారు. (2019లో రాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణితంలో ఇరవై ఒకటిని "వీస్ ఎక్" అని మన వరుసలో పలికించబోతే రాష్ట్రమంతా గొడవైంది.) కాబట్టి ఫోన్ మాట కన్నా ఫొటో నయం.

నమూనా పుస్తకం రెండో సత్రం వరుసలు ఇవి:

| విషయం | ఆకారిక్ (40) | తోండీ (10) | లేఖీ (50) | మొత్తం | శ్రేణి |
|---|---|---|---|---|---|
| మరాఠీ | 30 | 8 | 25 | 63 | బ-2 |
| హిందీ | 31 | 8 | 27 | 66 | బ-2 |
| ఇంగ్లిష్ | 27 | 3 | 18 | 48 | క-2 |
| గణితం | 31 | 8 | 11 | 50 | క-2 |
| సైన్స్ | 33 | 9 | 32 | 74 | బ-1 |
| సాంఘికం | 32 | 8 | 30 | 70 | బ-2 |

కళ 85, కార్యానుభవం 82, శారీరక శిక్షణ 91. తొమ్మిదింటి మొత్తం 900కి 629.

అంకెలు సరిగ్గా చదివామని ఎలా తెలుస్తుంది

పుస్తకంలో అచ్చు భాగాన్ని ఉచిత టెసెరాక్ట్ ప్రోగ్రాం బాగానే చదువుతుంది, దాని మరాఠీ భాష ఫైలు వేసుకుని, భాష మరాఠీ అని చెబితే:

```
tesseract card.jpg card -l mar --psm 6
```

ఇక్కడ `mar` బదులు `eng` పెడితే మొదలవుతుంది తిప్పలు. దేవనాగరి ఒకటి చూపుకు ఇంగ్లిష్ 9లా ఉంటుంది, ఐదు 4కు దగ్గరగా ఉంటుంది. గణితం లేఖీలో ఉన్న 11 కాస్తా 99 అయి కూర్చుంటుంది. మరాఠీ అని చెప్పినా సరే, పెన్నుతో రాసిన మార్కుల దగ్గర ఈ ప్రోగ్రాంను నమ్మే పరిస్థితి లేదు, అది అచ్చు అక్షరాల కోసం తయారైనది. పైగా అది ఇచ్చే దేవనాగరి అంకెలను అలాగే స్ప్రెడ్‌షీట్‌లో అతికిస్తే, షీట్ వాటిని సంఖ్యలుగా లెక్కించకపోవచ్చు. విషయాల పేర్లు, టీచరు వాక్యాలు అచ్చులో ఉంటే యంత్రానికి వదిలేసి, మార్కులను ఫొటో పెద్దది చేసి కంటితో చదివి మామూలు అంకెల్లో టైపు చేయడమే తెలివైన పని. ఆరు వరుసలకు మొత్తాలతో కలిపి 24 సంఖ్యలు, అంతే.

కంటితో చదివినా తప్పులు వస్తాయి. దేవనాగరిలో మూడు, ఆరు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, తొందరలో రాసినవైతే మరీ. అదృష్టవశాత్తూ తప్పును పట్టుకునే సాధనం ఈ పుస్తకంలోనే ఉంది. ఒకే సమాచారాన్ని అది మూడుసార్లు చెబుతుంది: భాగాలుగా, మొత్తంగా, శ్రేణిగా. ఆ మూడూ పొసగాలి. షీట్‌లో ప్రతి వరుస చివర ఈ సూత్రం పెడితే చాలు:

```
=IF(B2+C2+D2=E2,"సరి","మళ్లీ చూడు")
```

దీనికన్నా ముందు గరిష్ఠాన్ని చూడాలి. ఆకారిక్ 40, తోండీ 10, లేఖీ 50 దాటకూడదు. సాంఘికం లేఖీలోని 30ని ఎవరైనా 60 అని చదివితే అక్కడికక్కడే దొరికిపోతారు. హిందీలో 27ను 26 అని చదివితే గరిష్ఠం పట్టుకోదు, శ్రేణి కూడా మారదు, ఎందుకంటే 65 అయినా 66 అయినా బ-2నే. కూడిక ఒక్కటే పట్టుకుంటుంది. చివరగా నిలువు మొత్తం: ఆరు విషయాలు 371, మిగతా మూడు 258, కలిపితే 629. పుస్తకంలో కూడా అదే ఉంటే అంకెల మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

మడత పడి ఒక గడి చెరిగిపోయినా ఇదే లెక్క ఆదుకుంటుంది. ఇంగ్లిష్ తోండీ గడి కనబడలేదనుకోండి, 48లో నుంచి 27, 18 తీసేస్తే 3. కానీ అది చదివినది కాదు, కట్టినది. పక్కన ఒక గుర్తు పెట్టుకోవాలి, మన సారాంశం ఆ అంకె మీదే ఆధారపడితే టీచరుతో ఖాయం చేసుకోవాలి. ఒకే వరుసలో రెండు గడులు చెరిగిపోతే ఊహించడం మానేసి ఇంకో ఫొటో అడగడమే.

కొన్నిసార్లు ఫొటో స్పష్టంగానే ఉంటుంది, కూడిక మాత్రం కుదరదు. టీచరే తప్పుగా కూడి ఉండవచ్చు. అప్పుడు మనం దిద్దకూడదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి, "ఈ వరుస ఒకసారి బడిలో చూపించండి" అనాలి. దిద్దిన అంకెతో తండ్రి బడికి వెళితే, అక్కడి రికార్డులో వేరే అంకె ఉంటే, మాట పోయేది ఆయనది.

శ్రేణి అక్షరాల్లో ఒక్కచోట ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. చేతిరాతలో దేవనాగరి డ, ఇ దాదాపు ఒకేలా ఉంటాయి, తేడా కింది తోకలోనే. డ అంటే గట్టెక్కినట్టు, ఇ అంటే 33 కూడా రానట్టు. తోక కోసం కళ్లు చికిలించుకునే బదులు పక్కన అంకె ఉందా అని చూడండి. డ శ్రేణికి ఒకటి, రెండు అనే విభజన లేదు. ఇ-1, ఇ-2 మాత్రమే ఉన్నాయి. అక్షరం పక్కన అంకె ఉంటే అది ఇ.

మార్కులు ఏం చెబుతున్నాయి

ఇక అసలు పని. అంకెలన్నీ సరైనవే అయినా, వాటిని తెలుగులోకి మార్చి చదివితే సారాంశం కాదు. "గణితంలో 50, ఇంగ్లిష్‌లో 48" అంటే తల్లికి వినబడేది గణితం కాస్త మేలని. ఇక్కడ నిజం దానికి తలకిందులు.

మొదట ప్రతి విషయంలో ఆకారిక్‌ను, పరీక్షను విడదీసి చూడాలి. ఆకారిక్ దాదాపు అందరికీ కాస్త ఉదారంగానే పడుతుంది. ఇంటిపని పక్కవాళ్లను చూసి రాయవచ్చు, ప్రాజెక్టుకు అన్న సాయం చేయవచ్చు. కాబట్టి ఆకారిక్ ఎక్కువ, పరీక్ష కొంచెం తక్కువ ఉండటం మామూలే. ఈ పుస్తకంలో మరాఠీ, హిందీ, సైన్స్, సాంఘికం నాలుగింట్లో నూటికి చొప్పున చూస్తే ఆ తేడా 14 నుంచి 20 మధ్య ఉంది. అది ఈ పిల్లకు మామూలు తేడా అనుకోవచ్చు. గణితంలో ఆకారిక్ 40కి 31, పరీక్ష 60కి 19. నూటికి లెక్కేస్తే 77, 32, మధ్యలో 45కు పైగా తేడా. ఇంగ్లిష్‌లో 67, 35, తేడా 32. ఈ రెండే మిగతా వాటి నుంచి విడిగా నిలబడ్డాయి. బలహీనత వెతకాల్సింది ఇలాగే, పిల్లను తన మిగతా మార్కులతోనే పోల్చి. తరగతిలో ఇంకెవరికి ఎంత వచ్చిందో ఈ పుస్తకంలో ఎలాగూ ఉండదు.

తర్వాత తోండీ, లేఖీ విడదీయాలి. గణితంలో తోండీ 10కి 8, లేఖీ 50కి 11. అంటే అడిగితే చెబుతుంది, కాగితం ముందు కూర్చుంటే ఆగిపోతోంది. ఇంగ్లిష్‌లో తోండీ 10కి 3, లేఖీ 50కి 18. రాత కూడా బలహీనమే, కానీ చదివి వినిపించడం, అడిగినదానికి ఒక వాక్యంలో జవాబివ్వడం ఇంకా బలహీనం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అప్పుడప్పుడు హిందీ. ఇంగ్లిష్ ఆ పిల్ల నోటికి ఎక్కే సందర్భమే లేదు.

గణితం లేఖీ ఎందుకు పడిపోయింది? సరిహద్దు ఊళ్లలో అందరూ తొందరగా చెప్పే కారణం మరాఠీ రాకపోవడం. ఇక్కడ ఆ మాటను పుస్తకమే ఒప్పుకోవడం లేదు. సాంఘికం పేపరు నిండా మరాఠీ పేరాలే, అందులో 50కి 30 వచ్చాయి. మరాఠీ రాత పరీక్షలోనే 25 వచ్చాయి. ప్రశ్న చదివి అర్థం చేసుకోలేని పిల్ల కాదు. ఇప్పుడు హాజరు పేజీ తిప్పాలి. జనవరిలో 24 పనిదినాలకు 17 రోజులు, ఫిబ్రవరిలో 22కు 8, మార్చిలో 23కు 10. అది నది అవతల తెలంగాణలో మిర్చి ఏరే కాలం, ఇటువైపు నుంచి కుటుంబాలు కూలికి వెళ్లే కాలం. మూడు నెలల్లో 69 రోజులకు 35 రోజులే బడిలో ఉంది.

సైన్స్ పాఠాలు కూడా అదే కాలంలో పోయాయి కదా, అక్కడ 32 ఎలా వచ్చాయని అడగవచ్చు. సైన్స్‌లో ఒక పాఠం పోయినా తర్వాతి పాఠం సాధారణంగా విడిగా అర్థమవుతుంది, పుస్తకం చదువుకుని కొంత పూడ్చుకోవచ్చు. గణితంలో ఆ వెసులుబాటు తక్కువ. బాలభారతి ఏడో తరగతి గణితం రెండో భాగం అనులోమ, విలోమ అనుపాతాలతో మొదలవుతుంది, తర్వాత బ్యాంకు, సరళ వడ్డీ, వృత్తం, చుట్టుకొలత, వైశాల్యం, పైథాగరస్ సిద్ధాంతం, వర్గ విస్తరణ సూత్రాలు. మెట్టు చూపించేవాళ్లు లేకుండా పుస్తకం ఒక్కదానితో వచ్చే పాఠాలు కావివి. టీచరు "సుధారణా ఆవశ్యక్", అంటే మెరుగుపడాల్సినవి అనే గడిలో ఒక వాక్యం రాశారు: "శాబ్దిక్ ఉదాహరణే సోడవతానా గోంధళతే". మాటల్లో ఇచ్చిన లెక్కలు చేసేటప్పుడు తికమక పడుతోందని దానర్థం. దాన్ని "లెక్కలు రావు" అని తెలుగులో చెప్పడం తప్పు. టీచరు ఆ మాట అనలేదు.

కాబట్టి ఇప్పటికి రెండు అనుమానాలు. పాఠాలు పోవడం ప్రధాన కారణం కావచ్చు. మాటల లెక్కల మరాఠీ ఇంకొంచెం అడ్డు పడుతుండవచ్చు. వీటిని విడదీయడానికి పావుగంట చాలు. ఒకే లెక్కను మూడు రూపాల్లో ఇవ్వాలి. మొదట ఉత్త అంకెలు: 10000ను 12తో, 2తో గుణించి 100తో భాగించు. తర్వాత తెలుగులో నోటితో: "పదివేలు అప్పు, నూటికి నెలకు రూపాయి వడ్డీ, రెండేళ్లకు వడ్డీ ఎంత?" చివరగా పుస్తకంలోలాగా మరాఠీలో రాసి: పదివేల రూపాయలు, ద.సా.ద.శే. 12 చొప్పున, రెండేళ్లు. మూడింటికీ జవాబు 2400 రూపాయలే. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి నూటికి పన్నెండు, ఆ పొట్టి అక్షరాలు చెప్పేదీ అదే. మొదటిది కూడా రాకపోతే గుణకారం, భాగహారం దగ్గరే లోటు. మొదటిది వచ్చి తెలుగులో అడిగినది రాకపోతే పాఠం వినలేదు. తెలుగులో వచ్చి మరాఠీలో ఆగిపోతే అడ్డుపడుతున్నది ప్రశ్న చదవడం. అనుపాతం నుంచి ఇంకో లెక్కతో ఇదే చేస్తే అనుమానం చాలావరకు తీరుతుంది. నోటితో చెప్పిన జవాబుతో సరిపెట్టకుండా కాగితం మీద చేయించాలి, ఆగిపోతున్నది అక్కడే కనుక.

గీత ఎక్కడుంది

గణితాన్ని ముందు పెట్టాల్సిన కారణం ఇంకొకటి ఉంది, అది శ్రేణిలో అసలు కనబడదు. 2023 డిసెంబర్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం ఐదు, ఎనిమిది తరగతులకు మళ్లీ వార్షిక పరీక్ష తప్పనిసరి చేసింది. ఎనిమిదిలో ఆ పరీక్ష 60 మార్కులకు, ప్రతి విషయంలో నూటికి 35, అంటే 21 రావాలి. రానివాళ్లకు మళ్లీ పరీక్ష పెడతారు, అందులోనూ గట్టెక్కకపోతే అదే తరగతిలో ఉంచుతారు. అక్కడ ఆకారిక్ 31 వచ్చినా ఆ గీత దాటడానికి అక్కరకు రాదు.

ఈ పిల్లకు ఏడులో గణితం పరీక్ష 19, ఇంగ్లిష్ 21. ఇవే మార్కులు వచ్చే ఏడాది వస్తే గణితం గీత కింద, ఇంగ్లిష్ సరిగ్గా గీత మీద. "క-2, పాస్" అన్న మాటకు ఈ సంగతి పూర్తిగా మరుగున పడిపోతుంది. ఏడో తరగతి పుస్తకం చదివేవాళ్లు 100కి ఎంతో చూసి ఊరుకోకుండా, 60కి ఎంతో తప్పకుండా చూడాలి. నాలుగో తరగతి పుస్తకమైనా ఇదే మాట, ఐదులో 50కి 18 రావాలి.

ఇంటికి పంపే మాట

రాసి పంపితే చదవలేని ఇళ్లు ఉంటాయి. నిమిషం, నిమిషంన్నర వాయిస్ మెసేజ్ చాలామందికి పనికొస్తుంది, ఇంట్లోవాళ్లు రెండోసారి, మూడోసారి వింటారు కూడా. అందులో నూటికి శాతాలు, ఆకారిక్, సంకలిత్ లాంటి మాటలు వద్దు. "యాభైకి పదకొండు" అంటే అందరికీ తెలుస్తుంది. బలాలు చెప్పేటప్పుడు ఆధారం చెప్పాలి, ఊరికే "తెలివైన పిల్ల" అంటే దానితో చేయగలిగింది ఏమీ ఉండదు. చేయాల్సిన పనులు మూడుకు మించితే ఒక్కటీ జరగదు. ప్రతి పనికీ ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు అనేది ఉండాలి. ఆ పుస్తకానికి సిరొంచ వైపు మాటలో సారాంశం ఇలా ఉండవచ్చు:

"అక్కా, మీ బిడ్డ ఏడో తరగతి అయిపోయింది, ఎనిమిదికి పోతది. సైన్సుల మంచిగ చేసింది, రాత పరీక్షల యాభైకి ముప్పై రెండు వచ్చినయి. సాంఘికంల యాభైకి ముప్పై. ఆటలల్ల నూటికి తొంభై ఒకటి. మరాఠీ, హిందీ ఫరవాలేదు. రెండిట్ల చూసుకోవాలె. లెక్కలల్ల నోటితోని అడిగితే చెప్తది, రాత పరీక్షల మాత్రం యాభైకి పదకొండే. మాటలల్ల ఇచ్చిన లెక్కలు తికమక అయితున్నయని సార్ రాసిండు. జనవరి నుంచి మార్చి దాక అరవై తొమ్మిది రోజులల్ల ముప్పై అయిదు రోజులే బడికి పోయింది, ఆ పాఠాలు పోయినట్టున్నయి. ఇంగ్లిష్ చదివి చెప్పమంటే పదికి మూడే వచ్చినయి. వచ్చే ఏడు ఎనిమిదిల ఒక్కొక్క దాంట్ల అరవైకి ఇరవై ఒకటి రావాలె, లేకుంటే మళ్ల పరీక్ష పెడతరు. ఈసారి లెక్కలల్ల అరవైకి పంతొమ్మిదే. మూడు పనులు చెయ్యున్రి. ఒకటి, బడి మొదలైన వారంల సార్ దగ్గరికి పోయి లెక్కల పేపర్ చూపియ్యమని అడుగున్రి, ఏ పాఠాల మార్కులు పోయినయో రాపియ్యున్రి. రెండు, ఎండకాలం సెలవులల్ల రోజు అర్ధగంట ఏడో తరగతి లెక్కల పుస్తకం రెండో సగం చేపియ్యున్రి, మొదలు వడ్డీ లెక్కలు. మీ బచత్ గట్ అప్పు పుస్తకం ముందు పెట్టి అడుగున్రి, కాగితం మీద రాసి చెయ్యమనున్రి. మూడు, ఆరో తరగతి ఇంగ్లిష్ పుస్తకం రోజు పది నిమిషాలు గట్టిగ చదవమనున్రి, మీకు అర్థం కాకున్నా పక్కన కూసోని వినున్రి."

బచత్ గట్ అంటే అక్కడి పొదుపు సంఘం. ఇందులో మిర్చి కూలి మాట లేదు. ఆ రోజుల్లో పిల్ల ఎందుకు రాలేదో పుస్తకంలో లేదు, ఇంట్లోవాళ్లకు తెలుసు. రోజుల లెక్క చెబితే చాలు, కారణం మనం చెబితే అది నింద అవుతుంది. అలాగే పావుగంట లెక్కల పరీక్ష ఇంకా చేయలేదు కనుక "పోయినట్టున్నయి" అనే అనాలి, "పోయినయి" అని ఖాయంగా అనకూడదు. ఆ పరీక్షలో మరాఠీ ప్రశ్న దగ్గరే ఆగిందని తేలితే రెండో పని మారుతుంది: రోజూ రెండు మాటల లెక్కలను పిల్ల మరాఠీలో చదివి తెలుగులో చెప్పి, తర్వాతే చేయాలి.

మూడో పనిలో ఆరో తరగతి పుస్తకం అన్నది పొరపాటు కాదు. ఏడుది ఇస్తే ప్రతి వాక్యంలో తట్టుకుని రెండు రోజుల్లో మానేస్తుంది. గట్టిగా చదవడం అలవాటయ్యాక పుస్తకం మార్చుకోవచ్చు.

విదర్భలో ఎండల వల్ల బడులు జూన్ ఆఖరుకు గానీ తెరుచుకోవు. అంటే చేతిలో దాదాపు ఎనిమిది వారాలున్నాయి. సెలవుల్లో చేసిన పని పనికొచ్చిందా అన్నది దీపావళి ముందు వచ్చే ఎనిమిదో తరగతి మొదటి సత్రం మార్కుల్లో తెలుస్తుంది. అప్పుడు క-2 క-1 అయిందా అని చూడొద్దు, ఆకారిక్ రెండు మూడు మార్కులు పెరిగినా శ్రేణి మారిపోగలదు. గణితంలో లేఖీ గడి ఒక్కటి పక్కపక్కన పెట్టి చూడాలి. తోండీ మళ్లీ 8 వస్తే గీత దాటడానికి లేఖీలో 13 చాలు, కానీ జ్వరం వచ్చిన రోజు పరీక్ష పడినా నిలబడాలంటే 20 దాకా ఉండాలి. ఇంగ్లిష్‌లో చూడాల్సింది తోండీ గడి, 3 నుంచి 5 అయినా అది నిజమైన మార్పే. అందుకే ఇప్పటి ఆరు వరుసల షీట్‌ను, ఫొటోను పిల్ల పేరు లేకుండా తరగతి, సత్రం మాత్రం రాసి దాచుకోవాలి.